పాలు ఒకవైపు, మాంసం ఒకవైపు: యూదుల వంటింట్లో రుచి లెక్క

భారతదేశంలో అమ్మే తినుబండారాల ప్యాకెట్ మీద పచ్చ గుర్తు ఉంటే శాకాహారమని, గోధుమ లేదా ఎరుపు గుర్తు ఉంటే మాంసాహారమని చిన్న పిల్లలకు కూడా తెలుసు. ఈ విభజనలో పాలు, పెరుగు, నెయ్యి కూరగాయల పక్కన చేరతాయి, గుడ్డు మాంసం పక్కన చేరుతుంది. యూదుల ఆహార నియమాలను పాటించే ఇంట్లో గీత వేరే చోట పడుతుంది. అక్కడ గుడ్డు, పొలుసులూ రెక్కలూ ఉన్న చేప, కూరగాయలు, పండ్లు, ధాన్యాలు అన్నీ ఒకే వర్గంలో ఉంటాయి. పాలతో చేసినవి ఒక వర్గం, మాంసంతో చేసినవి మరొక వర్గం. ఈ రెండూ ఒకే గిన్నెలో గానీ, ఒకే భోజనంలో గానీ కలవకూడదు. అందుకే ‘మాది శాకాహారమే కదా, ఇబ్బంది ఏముంటుంది’ అనుకుని నేతి మిఠాయి పట్టుకెళ్లిన తెలుగు అతిథి తనకు తెలియకుండానే ఆ గీత దాటే అవకాశం ఉంది.

ఈ నియమాలన్నిటినీ కలిపి కష్రూత్ అంటారు, వాటికి లోబడిన ఆహారాన్ని కోషర్ అంటారు. తూర్పు ఐరోపా మూలాలున్న కుటుంబాల్లో మాంసపు వర్గాన్ని ‘ఫ్లైషిగ్’ అని, పాల వర్గాన్ని ‘మిల్ఖిగ్’ అని, రెండింటికీ చెందని దాన్ని ‘పార్వె’ అని పిలుస్తారు. పంది మాంసం, రొయ్యలు, పీతలు, పొలుసుల్లేని చేపలు అసలే నిషిద్ధం కాబట్టి అవి ఈ చర్చలోకే రావు. తినదగిన మాంసానికీ తాగదగిన పాలకూ మధ్య ఉన్న ఎడమే ఇక్కడ విషయం, అతిథులు ఎక్కువగా తడబడేది కూడా అక్కడే.

దీనికి మూలం యూదుల ధర్మగ్రంథమైన తోరాలోని ఒక చిన్న వాక్యం. మేకపిల్లను దాని తల్లి పాలలో ఉడికించవద్దన్న ఆజ్ఞ నిర్గమకాండంలో రెండుసార్లు, ద్వితీయోపదేశకాండంలో ఒకసారి, మొత్తం మూడుసార్లు కనిపిస్తుంది. ఒకే మాటను మూడుసార్లు చెప్పడం ఊరికే కాదని, తోరా మీద ప్రాచీన చర్చల సంపుటమైన తాల్ముద్ పండితులు తీసుకున్నారు. ఒకటి వండకూడదనడానికి, రెండోది తినకూడదనడానికి, మూడోది ఆ మిశ్రమం నుంచి ఏ లాభమూ పొందకూడదనడానికి అని హుల్లిన్ అనే భాగంలో వివరించారు. ఈ మూడింటిలో మొదటిది అతిథికి బాగా పనికొచ్చే సంగతి. ‘మీరు తినకపోయినా సరే, నా ముక్క మీద కాస్త వెన్న వేసి వేయించండి’ అని అడిగితే, ఇంటివారికి అది వడ్డన సమస్య కాదు. తాము తినకపోయినా, ఎవరి కోసమైనా ఆ రెండింటినీ కలిపి వండడమే వారికి నిషిద్ధం.

కోడి సంగతి కొంత ఆసక్తికరమైనది. కోడికి తల్లిపాలు లేవు కాబట్టి ఆ ఆజ్ఞ పక్షులకు వర్తించదని గలిలయకు చెందిన మతగురువు రబ్బీ యోసే వాదించాడు. ఆయన ఉన్న ప్రాంతంలో పక్షి మాంసాన్ని పాలతో తినేవారని తాల్ముద్‌లోనే ఉంది. కానీ జనం ఒక మాంసానికీ మరో మాంసానికీ తేడా చూడకుండా పొరబడతారన్న జాగ్రత్తతో మిగతా రబ్బీలు పక్షులను కూడా మాంసపు వర్గంలోనే చేర్చారు, చివరికి అదే నిలిచింది. కాబట్టి పెరుగులో నానబెట్టి చేసే కోడి బిర్యానీ కోషర్ కోడితో చేసినా ఆ ఇంట చెల్లదు. చేపకు ఈ నియమం లేదు.

ఇంతవరకూ ఏది తినవచ్చు, ఏది తినకూడదు అన్న ప్రశ్నే. రెండు జతల గిన్నెలు, రెండు జతల చెంచాలు, వీలైతే రెండు సింకులు ఎందుకు అన్నది వేరే ప్రశ్న. దీనికి జవాబు తెలిస్తే మిగతా నియమాలను బట్టీ పట్టనక్కర్లేదు. యూదు ధర్మశాస్త్రం ప్రకారం ఆహారంలోని రుచికి, హీబ్రూలో చెప్పాలంటే ‘తామ్’కు, ఆహారంతో సమానమైన హోదా ఉంది. వేడి తగిలినప్పుడు గిన్నె గోడ ఆ రుచిని పీల్చుకుంటుంది, మళ్లీ వేడి తగిలినప్పుడు దాన్ని వదులుతుంది. మధ్యాహ్నం మాంసం ఉడికిన గిన్నెను ఎంత తళతళలాడేలా తోమినా, రాత్రి అందులో పాలు కాస్తే మాంసపు రుచి పాలలోకి దిగినట్టే లెక్క. దేవాలయపు బలి మాంసం ఉడికిన మట్టికుండను పగలగొట్టాలని, ఇత్తడి పాత్రనైతే తోమి కడిగితే చాలని లేవీయకాండం చెబుతుంది. పీల్చుకున్నదాన్ని మట్టి ఎప్పటికీ పూర్తిగా వదలదు, లోహం వదులుతుంది అన్న భేదం అక్కడి నుంచే వచ్చింది. పెరుగు తోడుపెట్టే కుండకు ఆ పులుపు వాసన ఎలా పట్టేస్తుందో చూసినవారికి ఇది వింతగా అనిపించదు.

మడి, ఎంగిలి, అంటు వంటి మాటల మధ్య పెరిగిన తెలుగువారు ఇక్కడ ఒక పొరపాటు చేసే వీలుంది. పాలు, మాంసాల మధ్య ఈ ఎడం శుచికీ మైలకూ సంబంధించినది కాదు. పాలు పవిత్రం, మాంసం అపవిత్రం అన్న భావన ఇందులో లేదు, రెండూ మంచి ఆహారాలే. అతిథి చేయి తగిలినంత మాత్రాన పాల గిన్నె చెడదు. చల్లని మాంసపు పళ్లేనికి చల్లని జున్నుముక్క, అంటే చీజ్, తగిలితే తగిలిన చోట కడుక్కుంటే సరిపోతుంది. చూడవలసింది ఎవరు తాకారన్నది కాదు, అప్పుడు వేడి ఉందా అన్నది. సుమారుగా చేయి కాలి వెనక్కి లాక్కునేంత వేడిని ధర్మశాస్త్రం హద్దుగా తీసుకుంటుంది.

వేడి లేకుండా రుచి దాటే దారులు రెండున్నాయి. ద్రవంలో ఒక పూర్తి రోజు నానితే ఉడికినట్టే లెక్క. పాల చెంచా, మాంసపు పళ్లెం ఒకే తొట్టిలో రాత్రి నుంచి మర్నాడు రాత్రి దాకా నీళ్లలో పడి ఉంటే సమస్య అవుతుంది. రెండోది ఘాటు. ఉల్లిపాయ, వెల్లుల్లి, ముల్లంగి వంటివాటిని కోసేటప్పుడు చాకు ఒత్తిడి, వాటి ఘాటు కలిసి వేడి చేసే పనే చేస్తాయని రబ్బీలు భావించారు. మాంసపు చాకుతో కోసిన ఉల్లిపాయను పాల వంటకంలో వేయడం కుదరదు. ఇది చాలా చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, వంటింట్లోకి వచ్చిన అతిథి మొట్టమొదట అనే మాట ‘ఉల్లిపాయలు నేను కోసిస్తాను’ అన్నదే. చేతికందిన చాకు తీసుకుని, అప్పటికే తరిగి పెట్టిన పార్వె ఉల్లిపాయల్లో తనవి కలిపేస్తే ఆ గిన్నె మొత్తం ఏ వర్గానిదో తేలకుండా పోతుంది. ఏ చాకు, ఏ పలక అని ముందే అడిగితే ఒక్క మాటలో పని అయిపోతుంది.

చాలా ఇళ్లలో మాంసపు పాత్రలకు ఎరుపు, పాల పాత్రలకు నీలం గుర్తులు పెట్టుకుంటారు. పిడులకు రంగు టేపు చుడతారు, సొరుగులకు చీటీలు అంటిస్తారు. అయితే ఈ రంగులు ఎవరూ శాసించినవి కావు, ఇంటింటికీ మారతాయి. ఒక ఇంట్లో చూసింది ఇంకో ఇంట్లో చెల్లుతుందనుకోకూడదు. గాజు సంగతిలోనూ భేదాలున్నాయి: గాజు దేన్నీ పీల్చుకోదని స్పెయిన్, పోర్చుగల్ మూలాలున్న యూదుల సెఫార్దీ సంప్రదాయం చెబుతుంది, మధ్య, తూర్పు ఐరోపా మూలాలున్న అష్కెనాజీ ఇళ్లలో ఇంకాస్త కట్టుదిట్టంగా ఉంటారు.

పొరపాటు జరిగినప్పుడు ఏమవుతుందో ఒక ఉదాహరణతో చూస్తే ఈ రుచి లెక్క ఎంత పట్టింపుగా నడుస్తుందో, అదే సమయంలో ఎంత ఆచరణీయంగా ఉంటుందో అర్థమవుతుంది. శుక్రవారం రాత్రి భోజనం కోసం 3 లీటర్ల కోడి సూప్ వేడిగా ఉందనుకుందాం. సాయం చేద్దామని వచ్చిన అతిథి నీలం టేపు చుట్టిన స్టీలు చెంచా తీసి సూప్‌ను ఒకసారి కలిపాడు. ఆ చెంచాతో ఆ రోజు పొద్దున్నే వేడి పాలలో ఓట్స్ కలిపారు.

మొదట చూసేది 24 గంటల గడువు. వేడి పాలలో వాడి పూర్తి రోజు గడిచిపోతే చెంచాలో మిగిలిన రుచి పాడైపోయిందని, అది వంటకాన్ని నిషిద్ధం చేయలేదని నియమం. ఇక్కడ పొద్దున్నే వాడారు కాబట్టి ఆ వెసులుబాటు లేదు. తర్వాత చూసేది పరిమాణం. పొరపాటున కలిసినదానికి 60 రెట్లు అనుమతించిన ఆహారం ఉంటే, కలిసినదాని రుచి లీనమైపోయినట్టే. చెంచా ఎన్ని పాలు పీల్చుకుందో ఎవరూ చెప్పలేరు కాబట్టి, సూప్‌లో మునిగిన చెంచా భాగం మొత్తాన్నీ పాలుగానే లెక్కిస్తారు. స్టీలు నీటి కంటే సుమారు 8 రెట్లు బరువు. 40 గ్రాముల చెంచా మొత్తం మునిగినా అది ఆక్రమించే చోటు 5 మిల్లీలీటర్లే. దానికి 60 రెట్లంటే 300 మిల్లీలీటర్లు. గిన్నెలో 3,000 మిల్లీలీటర్ల సూప్ ఉంది. కాబట్టి సూప్ తినవచ్చు, గిన్నెకూ ఏమీ కాలేదు. చెంచాకు మాత్రం ఇప్పుడు రెండు రుచులూ పట్టాయి. దాన్ని పక్కన పెట్టి, శుభ్రం చేసి, ఒక పూర్తి రోజు వాడకుండా ఉంచి, తర్వాత కళపెళ మరిగే నీళ్లలో పూర్తిగా ముంచి తీసి, చన్నీళ్లతో కడిగితే మళ్లీ వాడకానికి వస్తుంది.

అదే చెంచాను పిల్లవాడి కోసం పొయ్యి మీద వెచ్చబెడుతున్న 200 మిల్లీలీటర్ల గ్రేవీలో పూర్తిగా ముంచి ఉంటే 60 రెట్లు రావు. అప్పుడు ఆ గ్రేవీ పారబోయాలి, ఆ చిన్న గిన్నెను కూడా మరిగే నీళ్లతో శుద్ధి చేయాలి. ఒకే పొరపాటు, ఒకే చెంచా, గిన్నె మారితే తీర్పు మారింది. అయితే 60 రెట్ల లెక్క పొరపాటుకు పనికొచ్చేదే గానీ ముందస్తు అనుమతి కాదు. సూప్ ఎక్కువగా ఉంది కదా అని కావాలని ఒక చుక్క పాలు వేయడం కుదరదు. నిజంగా ఇలా జరిగినప్పుడు కుటుంబాలు సొంతంగా తేల్చుకోకుండా తమ రబ్బీని అడుగుతాయి, ఆయన అడిగే ప్రశ్నలు మాత్రం ఇవే: ఏ చెంచా, దేనిలో పెట్టారు, వేడిగా ఉందా, ఎంత లోతు మునిగింది, అంతకుముందు ఎప్పుడు వాడారు.

వీటిలో సగం ప్రశ్నలకు జవాబు అతిథికి మాత్రమే తెలుసు. మొహమాటంతో ఆ చెంచాను గబగబా కడిగి మళ్లీ పాల సొరుగులో పెట్టేస్తే, మర్నాడు పొద్దున అది వేడి పాలలోకి వెళ్తుంది, ఒక పొరపాటు రెండవుతుంది. ‘ఈ చెంచా ఇప్పుడే సూప్‌లో పెట్టాను’ అని వెంటనే చెప్పేస్తే చాలావరకు చెంచా ఒక్కటే పక్కకు వెళ్తుంది. కోషర్ ఇంట్లో పిల్లలూ పెద్దలూ కూడా ఇలాంటి పొరపాట్లు చేస్తూనే ఉంటారు, దాన్ని ఎవరూ అవమానంగా భావించరు. దాచిపెట్టడమే వారిని నిజంగా కష్టపెడుతుంది, ఎందుకంటే తెలియకుండా జరిగినదాన్ని సరిదిద్దుకునే దారి వారికి ఉండదు.

భోజనం బల్ల దగ్గర చూడవలసింది ముఖ్యంగా కాలం. మాంసం తిన్న తర్వాత పాల పదార్థం ముట్టడానికి కొంత వ్యవధి ఉండాలి. మార్ ఉక్బా అనే పండితుడు తాల్ముద్‌లో తనను తండ్రితో పోల్చుకుని, తాను ద్రాక్షారసానికి పుట్టిన వెనిగర్ లాంటివాడినని చెప్పుకుంటాడు. ఆయన తండ్రి ఈరోజు మాంసం తింటే రేపు ఇదే వేళ దాకా జున్ను తినేవాడు కాదు, తాను మాత్రం ఆ భోజనంలో తినకుండా తర్వాతి భోజనంలో తినేస్తాడు. ఒక భోజనానికీ మరో భోజనానికీ మధ్య ఎంత సమయం అన్నదాని మీద తర్వాతి తరాలు రకరకాలుగా స్థిరపడ్డాయి. ఎక్కువమంది 6 గంటలు ఆగుతారు, జర్మనీ మూలాలున్న కుటుంబాలు 3 గంటలు, డచ్ కుటుంబాలు 1 గంట ఆగుతాయి. పాలు తాగిన తర్వాత మాంసానికి ఇంత ఎడం అక్కర్లేదు. నోరు పుక్కిలించి, ఏదైనా నమిలితే చాలునన్నది మూల నియమం, కొందరు అరగంట ఆగుతారు. నెలల తరబడి ముదిరిన గట్టి జున్ను తింటే మాత్రం అష్కెనాజీ ఆచారంలో మాంసం తర్వాత ఆగినంతసేపూ ఆగుతారు.

దీని వల్ల మాంసపు భోజనం చివర పాల టీ గానీ, ఐస్‌క్రీం గానీ రాదు. భోజనం అయ్యాక పెరుగు లేకపోతే తృప్తి ఉండని తెలుగు అతిథి ఇక్కడ కొంచెం సర్దుకోవాలి. ‘కాస్త పెరుగుందా’ అన్న అమాయకమైన ప్రశ్న ఇంటివారిని ఇరుకున పెడుతుంది. బల్ల మీద పాలలా కనిపించేది ఏదైనా ఉంటే అది బాదం పాలో, సోయా పాలో అయి ఉంటుంది. మాంసంతో బాదం పాలు వడ్డించేటప్పుడు, చూసినవారు పొరబడకుండా పక్కన కొన్ని బాదంపప్పులు పెట్టమని 16వ శతాబ్దపు పోలండ్ పండితుడు మోషే ఇస్సెర్లెస్ రాశాడు. కొచ్చి యూదులు, కొంకణ తీరంలోని బెనే ఇజ్రాయెల్ యూదులు మాంసపు కూరల్లో కొబ్బరిపాలు వాడడం కూడా ఈ గీతలోపల సహజంగా ఇమిడిపోయిన వంటే. మాంసం కూరలో కొబ్బరిపాలు పోసుకోవడం తెలిసిన తెలుగువారికి ఇది పరాయి రుచిగా ఉండదు.

ఒకే బల్ల దగ్గర ఒకరు మాంసం, మరొకరు జున్ను తినడం మీద కూడా నియమం ఉంది. పరిచయస్తులైతే ఒకరి పళ్లెంలోంచి మరొకరు తీసుకునే ప్రమాదం ఉంది కాబట్టి మధ్యలో గుర్తుగా ఏదైనా ఉంచాలని చెబుతుంది. అతిథికి ఈ నియమాలు వర్తించకపోయినా, ఆ బల్లకూ ఆ గిన్నెలకూ వర్తిస్తాయి. అందుకే ఇంటినుంచి తెచ్చుకున్న పెరుగన్నం డబ్బాను వారి మైక్రోవేవ్‌లో వెచ్చబెట్టమనడం సబబు కాదు, దాని ఆవిరి లోపలి గోడలకు పట్టి వేడి లెక్కలోకి వస్తుంది. తిన్న పళ్లేన్ని తీసుకెళ్లి కడిగేయాలన్న మంచి ఉద్దేశాన్ని కూడా సింకు అంచు దాకా తీసుకెళ్లి ఆపడం మేలు. వేడి నీళ్లు, మాంసపు జిడ్డు, పాల గిన్నెల కోసం పెట్టుకున్న పీచు, ఈ మూడూ కలిస్తే చాలు, పొరపాటు జరిగిపోతుంది. పళ్లెం ఎక్కడ పెట్టాలో అడిగి అక్కడ పెట్టి వచ్చేయడమే ఆ వంటింటికి సరైన సాయం.

పాలు, మాంసాలతో సంబంధం లేని రెండు విషయాలను ఇక్కడ చెప్పక తప్పదు, ఎందుకంటే అతిథి చేయి వాటిలో నిజంగానే లెక్కకు వస్తుంది. సంప్రదాయ కుటుంబాల్లో సీసా తెరిచిన ద్రాక్షారసాన్ని యూదేతరులు పోయడం విషయంలో నియమాలున్నాయి, అలాగే పొయ్యి వెలిగించి వండడం విషయంలోనూ ఉన్నాయి. సీసాను, పొయ్యి మీటను ఇంటివారికే వదిలేస్తే సరిపోతుంది.

కానుకల విషయంలో ఇంట్లో వండినదాన్ని వదులుకోవాలి. నూనెతో చేసిన పులిహోరలో పాలూ లేవు, మాంసమూ లేదు, కాగితం మీద అది పార్వెనే. కానీ అది ఉడికిన గిన్నెలో అంతకుముందు ఏమేమి వండారో ఆ గిన్నెకు గుర్తుంటుంది. పాలకోవా, మైసూర్‌పాక్ వంటివైతే పైగా పాల వర్గానికి చెందుతాయి, మాంసపు భోజనం పెట్టిన రోజున అవి బల్ల మీదకే రావు. ప్యాకెట్ కొనాలంటే కోషర్ ధ్రువీకరణ గుర్తు చూడాలి. అమెరికాలో ఎక్కువగా కనిపించేది వృత్తంలో ఆంగ్ల అక్షరం ‘యు’. దాని పక్కన ‘డి’ ఉంటే పాల వర్గం. ‘పి’ అక్షరం దగ్గర చాలామంది పొరబడతారు: అది పార్వెకు గుర్తు కాదు, పస్కా పండుగకు తగినదని దాని అర్థం, ఆ ‘పి’ ఉన్న ప్యాకెట్‌లో పాలు కూడా ఉండవచ్చు. పార్వె అయితే గుర్తు ఒంటరిగా ఉంటుంది, లేదా ఆ మాటే పూర్తిగా రాసి ఉంటుంది.

కోయని పండ్లు, పూలు తీసుకెళ్తే ఈ లెక్కలేవీ అక్కర్లేదు. వెళ్లేది శుక్రవారం రాత్రి విందుకైతే, యూదుల విశ్రాంతి దినమైన సబ్బాతు మొదలయ్యాక వస్తువులు మోయడం, పూలు నీళ్లలో అమర్చడం వంటివి ఇంటివారికి ఇబ్బంది కాబట్టి సూర్యాస్తమయానికి ముందే అందజేయాలి. పైగా యూదు కుటుంబాలన్నీ ఒకే తీరుగా పాటించవు. కొందరు ఇంట్లో కట్టుదిట్టంగా ఉండి బయట శాకాహారం తింటారు, కొందరు పంది మాంసం, రొయ్యలు మాత్రమే మానేస్తారు, మరికొందరు ఏ నియమమూ పెట్టుకోరు. ‘మీరు కోషర్ పాటిస్తారా’ అన్న ప్రశ్నకు అవునన్న జవాబు వస్తే, ‘మీ ఇంట్లో ఏది ఎలా చేస్తారు’ అన్న రెండో ప్రశ్న కూడా అడగాలి.

వారిని తిరిగి పిలిచినప్పుడు కూడా ఇదే లెక్క వర్తిస్తుంది, ఈసారి గిన్నెలు తెలుగు ఇంటివి. వంద రకాలు వండిపెట్టాలన్న ఆరాటాన్ని ఆపుకుని, కొత్త కాగితపు పళ్లేలు, కోయని పండ్లు, అవి కోయడానికి ఇంకా వాడని చాకు, కోషర్ గుర్తున్న బిస్కెట్లు, నీళ్ల సీసాలు పెడితే కట్టుదిట్టంగా ఉండే కుటుంబం కూడా నిశ్చింతగా కూర్చుంటుంది. బిస్కెట్లను అందంగా పళ్లెంలో సర్ది తేవడం కంటే ప్యాకెట్‌ను మూసి ఉన్నది మూసి ఉన్నట్టే వారి ముందు పెట్టి, గుర్తు వారు చూశాక తెరవాలి.